ఒక ఫొటో, ఒక ఏటవాలు గీత, 2.1 ఎలక్ట్రాన్‌వోల్టులు

సీనియర్ ఇంటర్ పరీక్షలు దగ్గరపడితే ఫిజిక్స్ లెక్చరర్ల ఫోన్లు రాత్రి పదింటికి కూడా మోగుతూనే ఉంటాయి. వచ్చేవన్నీ ఫొటోలే. పుస్తకంలో పేజీ ఒకటి, కాస్త పక్కకి ఒరిగి, ఒక మూల బొటనవేలి నీడతో, కింద "సార్, ఇది రావట్లేదు" అన్న ఒక్క ముక్కతో వస్తుంది. అలా వచ్చే ఫొటోల్లో ఎక్కువగా కనిపించే లెక్క ఒకటుంది. అందులో ఒక గ్రాఫు ఉంటుంది. అడ్డంగా కాంతి పౌనఃపున్యం, నిలువుగా నిరోధక పొటెన్షియల్, మధ్యలో పైకి ఎక్కుతున్న ఏటవాలు గీత. ప్రశ్న ఒకటే: ఈ లోహపు పని ప్రమేయం ఎంత?

చూడటానికి రెండు నిమిషాల పని. గీత ఎక్కడ అక్షాన్ని తాకిందో చూసి, ఒక గుణకారం చేసి, జవాబు రాసేయడమే. అయినా ఒకే ఫొటో చూసి ముగ్గురు పిల్లలు 2.1 అనీ, 1.6 అనీ, 0.45 అనీ మూడు జవాబులు రాస్తారు. వాళ్లలో ఎవరిది ఎందుకు తప్పో గ్రాఫే చెప్పగలదు. దాన్ని ఎలా అడగాలో తెలియాలంతే.

ముందు ఆ గీత ఏమిటో చూద్దాం. లోహం మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన ప్రకారం కాంతి శక్తి పొట్లాలుగా వస్తుంది. ఒక్కో పొట్లం శక్తి hν. ఇక్కడ h ప్లాంక్ స్థిరాంకం, ν పౌనఃపున్యం. ఒక పొట్లం ఒకే ఎలక్ట్రాన్‌కు అందుతుంది. లోహం లోపలి నుంచి ఉపరితలం దాటి బయటపడటానికి ఎలక్ట్రాన్ కనీసం కొంత శక్తి చెల్లించాలి. అదే పని ప్రమేయం, φ. చెల్లించగా మిగిలిందే దాని గతిశక్తి.

ఆ మిగిలిన శక్తిని కొలవడానికి వాడేదే నిరోధక పొటెన్షియల్. బంతిని పైకి విసిరితే అది ఎంత ఎత్తుకు పోయి ఆగిందో చూసి, చేతిలోంచి ఎంత వేగంతో బయల్దేరిందో చెప్పొచ్చు కదా. అలాగే ఎలక్ట్రాన్‌కు ఎదురుగా రుణ వోల్టేజి పెట్టి, దాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతారు. అన్నిటికన్నా వేగమైన ఎలక్ట్రాన్ కూడా అవతలి పలకను చేరలేక, కరెంటు సున్నా అయిన వోల్టేజే నిరోధక పొటెన్షియల్, V₀. ఇదంతా ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది:

eV₀ = hν − φ

రెండు పక్కలా e తో భాగిస్తే V₀ = (h/e)ν − φ/e. ఇది సరళరేఖ సమీకరణం. వాలు h/e. అందులో లోహం పేరే లేదు! సోడియమైనా, లిథియమైనా, రుబీడియమైనా వాలు ఒక్కటే కావాలి. దాని విలువ ఈనాడు మనకు గట్టిగా తెలుసు: 4.136 × 10⁻¹⁵ వోల్ట్ సెకన్లు. లోహాన్ని బట్టి మారేది గీత ఎక్కడ నిలబడిందన్నదే, ఎంత వాలిందన్నది కాదు. ఫొటో లెక్కలో మనకు అక్కరకొచ్చే సంగతి ఇదే. జవాబు ఇచ్చేది గీత ఉన్న చోటు. మనం గీతను సరిగ్గా చదివామా లేదా అని సాక్ష్యం చెప్పేది దాని వాలు.

ఇప్పుడు అసలు లెక్క. ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి పుస్తకం పాత ముద్రణల్లో రుబీడియం ఫొటోసెల్ మీద చేసిన ప్రయోగం ఒకటి లెక్కగా ఉండేది. పాదరస దీపం నుంచి వచ్చే ఐదు రంగులను ఒక్కొక్కటిగా లోహం మీద వేశారు. 3650 ఆంగ్‌స్ట్రాముల అతినీలలోహిత కాంతికి నిరోధక పొటెన్షియల్ 1.28 వోల్టులు. 4047 ఊదాకు 0.95, 4358 నీలానికి 0.74, 5461 ఆకుపచ్చకు 0.16. చివరిది 6907 ఎరుపు, దానికి సున్నా. తరంగదైర్ఘ్యాలతో కాంతి వేగాన్ని భాగిస్తే పౌనఃపున్యాలు వరుసగా 8.22, 7.41, 6.88, 5.49, 4.34 వస్తాయి, అన్నీ 10¹⁴ హెర్ట్జ్‌లలో. వీటిని గ్రాఫు కాగితం మీద పెట్టి, గీత గీసి, ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీశారనుకుందాం. అడ్డ అక్షం 4 నుంచి 9 దాకా, నిలువు అక్షం సున్నా నుంచి 1.4 దాకా.

ఫొటో అనగానే మొదటి ఇబ్బంది ఒరుగు. ఫోన్‌ను పేజీకి సరిగ్గా ఎదురుగా పట్టుకోరు. కాస్త కింది నుంచి, పక్క నుంచి తీస్తారు. అప్పుడు దగ్గరున్న గడులు పెద్దవిగా, దూరంగా ఉన్నవి చిన్నవిగా పడతాయి. తెర మీద స్కేలు పెట్టి "మొత్తం అక్షం పది సెంటీమీటర్లు, ఈ బిందువు నాలుగో సెంటీమీటరు దగ్గరుంది" అని కొలిస్తే జవాబు పక్కకి పోతుంది. అయితే ఒక ఊరట ఉంది. ఎంత ఒరిగినా, చదునుగా ఉన్న కాగితం మీది సరళరేఖ ఫొటోలో కూడా సరళరేఖగానే పడుతుంది. ఒక గీత మరో గీతను ఏ గడి మూలలో దాటిందో ఫొటోలోనూ అదే మూలలో దాటుతుంది. కాబట్టి సెంటీమీటర్లు కొలవకుండా గడులు లెక్కపెట్టాలి. గీత ఏ గడిలోంచి పోతోంది, ఆ గడిలో ఏ పాటి ఎత్తున ఉంది అన్నదే చూడాలి.

ఒరుగు కన్నా మోసకారి పేజీ వంపు. లావుపాటి పుస్తకం మధ్యలో, కుట్టు దగ్గర, కాగితం లోపలికి వంగుతుంది. అక్కడ సరళరేఖ నిజంగానే వంకరగా పడుతుంది. కనిపెట్టడం తేలికే: గ్రాఫు గీత మీద కాకుండా అక్షం మీద స్కేలు అంచు ఆనించి చూడండి. అక్షమే వంగి ఉంటే తప్పు భౌతికశాస్త్రానిది కాదు, పుస్తకం కుట్టుది. అప్పుడు కూడా గడులే దిక్కు.

రెండో మెట్టు వాలు. దీనికి ప్రయోగపు బిందువుల మీద ఆధారపడనక్కర్లేదు. గీసిన గీత మీదే, దూరదూరంగా, అడ్డ అక్షంలో పూర్తి అంకెల దగ్గర రెండు చోట్లు ఎంచుకోవడం మేలు. మన గ్రాఫులో 6.0 దగ్గర గీత ఎత్తు 0.37 వోల్టులు, 8.0 దగ్గర 1.19. తేడా 0.82 వోల్టులు, 2.0 × 10¹⁴ హెర్ట్జ్‌కు. వాలు 4.1 × 10⁻¹⁵. ఉండవలసిన 4.136కు ఒక శాతం లోపు తేడా. అంటే ఫొటోను బాగానే చదివాం. ఇది చూశాకే పని ప్రమేయం జోలికి పోవాలి. చాలామంది చేసేది దీనికి తలకిందులు: ముందు ఖండన బిందువు పట్టుకుని జవాబు రాసి, వాలు అడగలేదు కదా అని వదిలేస్తారు.

1.6 అని రాసిన పిల్లవాడు దొరికిపోయేది ఇక్కడే. అతను ఐదో బిందువును కూడా గీతలో కలిపాడు. 4.34 దగ్గర సున్నా అని పట్టికలో ఉంది కదా, వదిలేస్తే మార్కులు పోతాయని భయం. ఐదు బిందువుల మధ్యనుంచి సర్దుబాటుగా గీత లాగితే అది పడుకుంటుంది. వాలు 3.4 × 10⁻¹⁵కు జారిపోతుంది, అక్షాన్ని 4.6 దగ్గర తాకుతుంది, పని ప్రమేయం 1.6 ఎలక్ట్రాన్‌వోల్టులని తేలుతుంది. వాలులో పదిహేడు శాతం లోటు. ఫొటో ఒరుగు వల్లనో, చేతి వణుకు వల్లనో వచ్చే తేడా కాదది. గీతే తప్పు గీత.

ఎందుకు తప్పో చూద్దాం. ఎరుపు కాంతి పొట్లంలో ఉన్న శక్తి 1.8 ఎలక్ట్రాన్‌వోల్టులు. రుబీడియం అడిగేది అంతకన్నా ఎక్కువ. కాబట్టి ఎరుపు కాంతికి ఒక్క ఎలక్ట్రానూ బయటికి రాలేదు. రాని ఎలక్ట్రాన్‌ను ఆపడానికి వోల్టేజి అక్కర్లేదు గనక పట్టికలో సున్నా రాశారు. ఆ సున్నా కొలిచి తెచ్చిన విలువ కాదు, ఆపడానికి ఏమీ లేదన్న మాట. సమీకరణం పనిచేసేది ఎలక్ట్రాన్ బయటపడ్డాక. ఆరంభ పౌనఃపున్యానికి ఎడమన ఆ గీతకు ప్రయోగంలో ఉనికే లేదు. నిజమైన గ్రాఫు అక్కడ అడ్డ అక్షం మీదే పడుకుని వచ్చి, ఆరంభ పౌనఃపున్యం దగ్గర ఒక్కసారిగా పైకి మలుపు తిరుగుతుంది. లెక్క రాసినాయన ఐదో రంగును ఊరికే పెట్టలేదు. అది ఉచ్చు, మంచి ఉచ్చు.

ఇక 0.45 సంగతి. ఈ అమ్మాయికి సమీకరణం బాగా వచ్చు. నిలువు అక్షాన్ని గీత ఖండించే చోట −φ/e ఉంటుందని తెలుసు. అందుకని గీతను చుక్కలతో కిందికి పొడిగించి, ఎడమ అంచున ఉన్న నిలువు గీతను తాకే చోటు చూసింది. −0.45. అడ్డ అక్షం సున్నా నుంచి కాదు, 4 నుంచి మొదలైందన్నది ఆమె చూడలేదు. ఫొటోలో కింది అంకెలు బొటనవేలి నీడలో పడితే ఇది ఇంకా సులువుగా జరుగుతుంది. సూత్రం చెప్పే ఖండన సున్నా పౌనఃపున్యం దగ్గర. అది కాగితం బయట, ఎడమకు, మరో నాలుగు పెద్ద గడుల అవతల ఉంది.

ఈ తప్పును వాలు పట్టుకోదు, ఎందుకంటే వాలు సరిగ్గానే ఉంది. దీనికి వేరే పరీక్ష కావాలి, అదీ గ్రాఫులోనే ఉంది. గీత అడ్డ అక్షాన్ని తాకిన చోటు 5.1 × 10¹⁴ హెర్ట్జ్. దాన్ని 4.136 × 10⁻¹⁵ తో గుణిస్తే 2.11. ఎడమ అంచు 0.45 అంటోంది, అడ్డ అక్షం 2.11 అంటోంది. రెండూ ఒకే లోహం గురించి చెబుతున్నాయి కాబట్టి ఒకటి అబద్ధం. పైగా 0.45 ఎలక్ట్రాన్‌వోల్టుల పని ప్రమేయం ఉన్న లోహమంటూ ఉంటే, కంటికి కనిపించని పరారుణ కాంతికి కూడా ఎలక్ట్రాన్లు రాల్చేస్తుంది. శుద్ధ లోహాల్లో అతి తక్కువ తీసుకునే సీజియమే సుమారు 2 ఎలక్ట్రాన్‌వోల్టులు అడుగుతుంది.

సరే, అక్షాలు సరిగ్గా గుర్తించి, గీతను నిజంగానే సున్నా దాకా పొడిగిస్తే? జవాబు సుమారు 2.09 వస్తుంది. తప్పు కాదు. కానీ ఆ దారి నాకు నచ్చదు. మన బిందువులన్నీ 5.5 నుంచి 8.2 మధ్యలో గుమిగూడి ఉన్నాయి. ఆ కొద్ది జాగాలో గీసిన గీతను దానికి రెండింతల దూరం ఎడమకు లాగుతున్నాం. ఫొటోలో ఎత్తు చదవడంలో రెండు చోట్లా 0.02 వోల్టుల చొప్పున తప్పు పోతే వాలులో మూడు నాలుగు శాతం తేడా రావచ్చు. ఆరు పెద్ద గడులు ఎడమకు పోయేసరికి అది దాదాపు 0.1 వోల్టు అవుతుంది. అదే తప్పు, h విలువ తెలిసినదే వాడుకుని గీత మీద ఒక్కచోట చూస్తే, 0.02 దగ్గరే ఆగిపోతుంది. అడ్డ అక్షం మీది ఖండన బిందువు మన బిందువులకు దగ్గరలోనే ఉంది కాబట్టి అక్కడా నష్టం తక్కువ.

కాబట్టి ప్రశ్నలో "h కనుక్కోండి" అని కూడా ఉంటే వాలును వాడక తప్పదు. పని ప్రమేయం ఒక్కటే అడిగితే, వాలును సాక్షిగా మాత్రమే ఉంచుకుని, లెక్క తెలిసిన h తో చేయడం మంచిది. మన గీత మీద మూడు చోట్ల చేసి చూద్దాం. 8.0 దగ్గర పొట్లం శక్తి 3.31, నిరోధక పొటెన్షియల్ 1.19, మిగిలింది 2.12. 6.0 దగ్గర 2.48లోంచి 0.37 పోతే 2.11. అక్షం మీద, 5.1 దగ్గర, 2.11. మూడూ కలిశాయి. రుబీడియానికి పట్టికల్లో ఇచ్చే విలువలు కూడా 2.1, 2.3 మధ్యనే ఉంటాయి. ఫొటోలోంచి చదివిన గ్రాఫుకు 2.1 అని రాయడం న్యాయం, 2.109 అని రాస్తే లేని నిక్కచ్చితనం చూపించినట్టు.

జూళ్లలో అడిగితే 1.6 × 10⁻¹⁹ తో గుణిస్తే సరి, 3.4 × 10⁻¹⁹ వస్తుంది. ఇక్కడ ఇంకో చిన్న చిక్కు. గ్రాఫు నిలువు అక్షం మీద 2.1 వోల్టులంటే పని ప్రమేయం 2.1 ఎలక్ట్రాన్‌వోల్టులే, అంకె మారదు. దాన్ని మళ్లీ e తో గుణించి, ఆ వచ్చిన దాని పక్కన ఎలక్ట్రాన్‌వోల్టులు అని రాసేవాళ్లున్నారు. 10⁻¹⁹ ఎలక్ట్రాన్‌వోల్టుల లోహాన్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

పరీక్షకు ఇంత చాలు. కానీ ఈ గీతను ప్రయోగశాలలో నిజంగా గీసినవాళ్లకు ఎదురైన చిక్కు ఒకటుంది. పాఠ్యపుస్తకం దాన్ని దాటేస్తుంది. పైన చెప్పిన పరీక్షలన్నీ నెగ్గి కూడా జవాబు తప్పు కాగల సందర్భమది.

ఎలక్ట్రాన్లు వదిలే పలక ఒక లోహం, వాటిని పట్టుకునే పలక ఇంకో లోహం. రెండింటినీ తీగతో కలిపితే, మీటరు సున్నా చూపిస్తున్నా, వాటి ఉపరితలాల మధ్య ఖాళీలో కొంత వోల్టేజి తేడా ఉంటుంది. దీన్ని స్పర్శ పొటెన్షియల్ అంటారు. అది రెండు పని ప్రమేయాల తేడాకు సమానం. పట్టుకునే పలక పని ప్రమేయం ఎక్కువైతే, మనం ఏ వోల్టేజీ పెట్టకముందే ఎలక్ట్రాన్‌కు ఎదురుగా ఆ తేడా కాచుకుని ఉంటుంది. ఎలక్ట్రాన్ ముందు తన లోహానికి φ చెల్లిస్తుంది, తర్వాత ఈ తేడాను చెల్లిస్తుంది. రెండూ కలిపితే తన లోహపు వాటా ఎగిరిపోయి, పట్టుకునే పలక పని ప్రమేయం మాత్రమే మిగులుతుంది! మీటరు అంకెలను ఉన్నవున్నట్టు గ్రాఫు మీద పెడితే, గీత చెప్పేది రుబీడియం గురించి కాదు, ఎదుటి పలక గురించి.

ఇక్కడ వాలు నోరు మెదపదు. ఏ రంగుకైనా తేడా ఒకటే కాబట్టి గీత ఒరగకుండా మొత్తంగా పక్కకి జరుగుతుంది. వాలు 4.136, అడ్డ అక్షం, నిలువు అక్షం ఒకదానితో ఒకటి ఏకీభవిస్తాయి, అయినా జవాబు ఇంకో లోహానిది. కనిపెట్టే దారి ప్రయోగశాలలోనే ఉంది. ఎదుటి పలక పని ప్రమేయం 3 ఎలక్ట్రాన్‌వోల్టులైతే, సరిదిద్దని గీత అక్షాన్ని 7.25 దగ్గర తాకుతుంది. ఆ గీతను నమ్మితే 5.49 దగ్గరున్న ఆకుపచ్చ కాంతికి ఎలక్ట్రాన్లు రాకూడదు. కానీ ఎదుటి పలకకు చిన్న ధన వోల్టేజి ఇవ్వగానే కరెంటు పారుతుంది. ఎలక్ట్రాన్లు వస్తూనే ఉన్నాయి, అవతలికి చేరలేకపోయాయంతే.

షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మిలికన్ ఏళ్ల తరబడి తంటాలు పడింది దీనితోనే. ఐన్‌స్టీన్ పొట్లాల ఊహ ఆయనకు నచ్చలేదు. సమీకరణాన్ని మాత్రం కచ్చితంగా పరీక్షించాలనుకున్నాడు. సోడియం, లిథియం వంటి క్షార లోహాలు గాలి తగిలితే నిమిషాల్లో పాడైపోతాయి, ఉపరితలం మారితే పని ప్రమేయమూ మారిపోతుంది. అందుకని గాలి తీసేసిన గాజు పాత్ర లోపలే ఒక కత్తి అమర్చి, దాన్ని బయటినుంచి అయస్కాంతంతో కదిలిస్తూ, కొలతకు ముందు లోహపు ముక్క పైపొరను చెక్కేవాడు. ఆ చెక్కిన ముఖానికీ, ఎలక్ట్రాన్లను పట్టే రాగి పలకకూ మధ్య స్పర్శ పొటెన్షియల్‌ను అదే పాత్రలో విడిగా కొలిచి, మీటరు అంకెలకు ఆ సవరణ చేసేవాడు. 1916లో ఫలితాలు అచ్చయ్యాయి. సోడియం గీత వాలు 4.124 × 10⁻¹⁵. ఆ వాలుకు స్పర్శ పొటెన్షియల్ సవరణ అవసరమే లేదు. సవరణ కావలసింది గీత నిలబడిన చోటుకు, అంటే సోడియం పని ప్రమేయానికి.

పుస్తకంలో అచ్చయిన గ్రాఫులు ఆ సవరణ అయిపోయినట్టే లెక్క, అందుకే ఫొటో లెక్కకు 2.1 అని నిశ్చింతగా రాయొచ్చు. కాలేజీ ల్యాబులో ఫొటోసెల్ తీసుకుని తామే గీత గీసినవాళ్లు మాత్రం రికార్డులో ఆ అంకె కింద రెండో పలక ఏ లోహమో, మీటరు సున్నా దగ్గర ఆకుపచ్చ కాంతికి కరెంటు వచ్చిందో లేదో కూడా రాయాలి. పాత సెల్లయితే ఇంకొకటి చూడాలి. లోపలి క్షార లోహం కొద్దిగా ఆవిరై ఎదుటి పలక మీద కూడా పేరుకుంటుంది, అప్పుడు కాంతి పడితే అదీ ఎలక్ట్రాన్లు వదులుతుంది. కరెంటు సున్నా దగ్గర ఆగకుండా కాస్త వెనక్కి పారుతుంది. ఆ వెనక్కి పారే కరెంటు ఎంతో చూసుకుంటే గానీ నిరోధక పొటెన్షియల్ ఎక్కడుందో తేల్చలేం.